ఆరు ఊళ్లలో ప్రకటన ఆపి చూడండి: ప్రకటన తెచ్చిన అదనపు అమ్మకాన్ని లెక్కకట్టే పద్ధతి

అనంతపురంలో గానుగ వేరుశనగ నూనె అమ్మే దుకాణం ఒకటి ఉందనుకుందాం. ఫోనులోనూ వెబ్‌సైటులోనూ ఆర్డర్లు తీసుకుని రాయలసీమ ఊళ్లకు కొరియర్‌లో పంపుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు డబ్బు పెడుతుంది. ఆరు ఊళ్లలో నాలుగు వారాలకు 48,000 రూపాయలు ఖర్చయిందని, ఆ ఊళ్లనుంచి 410 ఆర్డర్లు తన వల్లే వచ్చాయని ప్రకటనల డ్యాష్‌బోర్డు చూపిస్తుంది. అంటే ఆర్డరుకు 117 రూపాయలు. ఒక్కో ఆర్డరు మీద కొరియర్ ఖర్చు పోను దుకాణానికి మిగిలేది 280. ఈ లెక్క చూసిన యజమాని బడ్జెట్ పెంచాలనుకోవడం సహజం.

కానీ ఆ 410 మందిలో ప్రకటన లేకపోయినా కొనేవారు ఎందరు? ఈ ప్రశ్నకు డ్యాష్‌బోర్డులో జవాబు ఉండదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటాలో మామూలుగా ఉండే అమరిక ప్రకారం ప్రకటన మీద నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా ఊరికే చూసి ఒక రోజులోపు కొన్నా ఆ ఆర్డరు ప్రకటన ఖాతాలోకే వెళుతుంది. ఇంట్లో నూనె అయిపోయి ఎలాగూ మీకే ఫోను చేయబోతున్న పాత ఖాతాదారు ముందురోజు ఫోను చూస్తూ మీ ప్రకటన దాటి వెళ్లినా చాలు. మీ నూనె కొనే అవకాశం ఎక్కువున్న మనిషినే వెతికి పట్టుకునేలా ఆ యంత్రాంగాన్ని తయారుచేశారు. కాబట్టి పాత ఖాతాదారులకే ప్రకటన ఎక్కువగా కనపడుతుంది, ఈ పొరపాటూ అంత పెరుగుతుంది.

ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మించే ఈబే సంస్థ 2012లో అమెరికాలో యాహూ, మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్లలో తన సొంత పేరు వెతికేవారికి చూపే ప్రకటనలను ఆపింది. ప్రకటన మీదుగా వచ్చే క్లిక్కులు ఆగిపోయాయి. కానీ వాటిలో దాదాపు అన్నీ పక్కనే ఉన్న మామూలు ఫలితం మీదుగా సైటుకు తిరిగి వచ్చాయి. ఆ డబ్బంతా ఎలాగూ వచ్చేవారికి దారి చూపడానికే పోయిందన్నమాట. ఆ తర్వాత అదే సంస్థ కొన్ని ప్రాంతాల్లో ప్రకటనలు ఆపి, మిగతా ప్రాంతాల్లో నడిపి అమ్మకాలు పోల్చి చూసింది. ఈ పద్ధతినే జియో హోల్డౌట్ అంటారు. ఇరవై ఊళ్లకు సరుకు పంపే చిన్న దుకాణం కూడా దీన్ని చేయగలదు. దీనికి స్ప్రెడ్‌షీట్, ఒక రూపాయి నాణెం, ఐదు వారాల ఓపిక ఉంటే సరిపోతుంది.

ముందు ఆర్డర్లను పిన్‌కోడ్ ప్రకారం సర్దండి

ఈ పరీక్షలో కొలత డ్యాష్‌బోర్డు చూపే ఆర్డర్లు కాదు, మీ సొంత పుస్తకంలోని మొత్తం ఆర్డర్లు. ప్రకటన ద్వారా వచ్చినవి, ఫోనులో వచ్చినవి, వాట్సాప్‌లో వచ్చినవి అన్నీ కలపాలి. ఎవరు దేనివల్ల వచ్చారని అడగవద్దు. ఒక ఊరికి ఒక వారంలో ఎన్ని ఆర్డర్లు వెళ్లాయన్నదే మనకు కావాలి. గత ఏడాది ఆర్డర్లన్నింటికీ తేదీ, పిన్‌కోడ్ ఉన్నాయో లేదో చూడండి. ఫోను ఆర్డర్లకు పిన్‌కోడ్ రాయని దుకాణాలు చాలా ఉంటాయి. అలాగైతే పరీక్షకు ముందు రెండు మూడు నెలలు రాయడం అలవాటు చేసుకోండి.

జిల్లా పేరుతో కాకుండా పిన్‌కోడ్‌తోనే సర్దమనడానికి కారణం ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక కొందరు చిరునామాలో పాత జిల్లా రాస్తారు, కొందరు కొత్తది రాస్తారు. పిన్‌కోడ్లు మాత్రం అలాగే ఉన్నాయి. అనంతపురం వైపు 515తో, కడప వైపు 516తో, కర్నూలు వైపు 518తో మొదలవుతాయి. ఒక్కో పట్టణాన్ని, దాని చుట్టుపక్కల పల్లెల పిన్‌కోడ్లను కలిపి ఒక 'ఊరు'గా తీసుకోండి. వారానికి పదిహేను ఆర్డర్లైనా రాని ఊళ్లను వదిలేయండి. వారానికి మూడు నాలుగు ఆర్డర్లు వచ్చే చోట ఒక పెళ్లివారు నూనె తెప్పించుకున్నా లెక్క తలకిందులవుతుంది. దుకాణం ఉన్న అనంతపురాన్ని కూడా వదిలేయండి. అక్కడ నేరుగా దుకాణానికి వచ్చి కొనేవారు ఎక్కువ కాబట్టి దానికి జతగా నిలిచే ఊరు దొరకదు.

జతలు కట్టండి, నాణెం ఎగరేయండి

మిగిలిన ఊళ్లను రెండేసి చొప్పున జతలుగా కట్టాలి. వారపు ఆర్డర్ల సంఖ్య దగ్గరగా ఉండటం మొదటి షరతు. రెండో షరతు ఇంకా ముఖ్యం. ఆ రెండు ఊళ్ల అమ్మకాలు ఏడాది పొడుగునా కలిసి పెరిగి, కలిసి తగ్గుతూ ఉండాలి. పత్తి మార్కెట్టుకు సరుకు వచ్చే నెలల్లో ఆదోనిలో చేతుల్లో డబ్బు ఆడుతుంది, ఆ రోజుల్లో అమ్మకాలు తమంతట తామే పెరుగుతాయి. జనవరిలో ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర, ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఉంటాయి. ఇలాంటి కదలిక జతలో ఒక్క ఊరికే వస్తే అది మీ లెక్కలోకి ప్రకటన వేషంలో వచ్చి కూర్చుంటుంది. స్ప్రెడ్‌షీట్‌లో రెండు ఊళ్ల వారపు అంకెలను ఒకే గ్రాఫులో గీసి కంటితో చూడండి. అలాగే సంక్రాంతి, ఉగాది, దసరా వారాలు పరీక్షలోకి రాకుండా తేదీలు ఎంచుకోండి.

మన దుకాణానికి పన్నెండు ఊళ్లు, ఆరు జతలు కుదిరాయి: కర్నూలు–కడప, ప్రొద్దుటూరు–నంద్యాల, ఆదోని–హిందూపురం, ధర్మవరం–గుంతకల్లు, తాడిపత్రి–రాయచోటి, కదిరి–ఎమ్మిగనూరు.

ఇప్పుడు ప్రతి జతకూ నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే మొదటి ఊళ్లో, బొరుసు పడితే రెండో ఊళ్లో ప్రకటన ఆపాలి. ఇక్కడ చాలామంది నాణేన్ని పక్కన పెట్టి, అమ్మకం అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లను తామే ఎంచుకుంటారు. బాగా నడుస్తున్న కర్నూలులో ఆపడానికి చెయ్యి రాదు కదా. కానీ అలా చేస్తే ఆపిన ఊళ్లు ముందే దిగజారుతున్న ఊళ్లవుతాయి, ఆ దిగజారుడంతా ప్రకటన ఆపడం వల్లేనని మీరు నమ్ముతారు. నాణెం మాట వినండి. మన లెక్కలో కడప, నంద్యాల, హిందూపురం, గుంతకల్లు, రాయచోటి, ఎమ్మిగనూరులలో ఆపాలని వచ్చిందనుకుందాం. మొదట చెప్పిన 48,000 ఖర్చు, 410 ఆర్డర్లు ఈ ఆరు ఊళ్లవే.

ఏమీ ఆపకుండా ఒకసారి ఉత్తుత్తి పరీక్ష చేయండి

ఈ దశను వదిలేసేవారే ఎక్కువ. నా దృష్టిలో మొత్తం పద్ధతిలో ఇదే కీలకం. ప్రకటనలు అన్ని ఊళ్లలోనూ నడిచిన గత ఏడాది అంకెలు తీసుకోండి. అందులో ఏదో ఒక నాలుగు వారాలను పరీక్ష కాలంగా, దానికి ముందు ఎనిమిది వారాలను పోలిక కాలంగా అనుకోండి. అవే జతలతో, కింద చెప్పబోయే లెక్కనే కట్టండి. ఎక్కడా ప్రకటన ఆపలేదు కాబట్టి తేడా సున్నా దగ్గర రావాలి. సరిగ్గా సున్నా రాదు. ఒకసారి 3 శాతం ఎక్కువ, ఇంకోసారి 4 శాతం తక్కువ రావచ్చు. ఇలా ఐదారు కాలాలకు కట్టి చూస్తే, ప్రకటనతో సంబంధం లేకుండానే మీ ఊళ్ల మధ్య తేడా ఎంతవరకు ఊగుతుందో తెలుస్తుంది.

మన దుకాణానికి ఆరు ఉత్తుత్తి పరీక్షల్లో అతిపెద్ద తేడా 5 శాతం వచ్చిందనుకుందాం. అంటే అసలు పరీక్షలో 5 శాతం కంటే చిన్న తేడా వస్తే దాన్ని ప్రకటనకు ఆపాదించలేం. ఒకవేళ ఉత్తుత్తి పరీక్షల్లోనే 15 శాతం ఊగుతుంటే అసలు పరీక్ష మొదలుపెట్టవద్దు. పల్లెల పిన్‌కోడ్లను కలిపి ఊళ్లను పెద్దవి చేయండి, జతలు మార్చండి, లేదా పరీక్షను ఎనిమిది వారాలకు పొడిగించండి. ఆ తర్వాత ఉత్తుత్తి పరీక్షను మళ్లీ కట్టి చూడండి.

ఆపడంలో జరిగే పొరపాట్లు

ఒకే క్యాంపెయిన్‌లోంచి ఆరు ఊళ్లను తీసేసి బడ్జెట్ అలాగే ఉంచితే, ఆ డబ్బంతా మిగిలిన ఆరు ఊళ్ల మీదకు మళ్లుతుంది. అక్కడ ప్రకటనలు మామూలు కంటే రెట్టింపు కనపడతాయి, అమ్మకాలు పెరగవచ్చు. అప్పుడు మీరు పోల్చేది 'మామూలు'తో 'సున్నా'ను కాదు, 'రెట్టింపు'తో 'సున్నా'ను. ఇలా జరగకుండా పరీక్షకు రెండు మూడు వారాల ముందే క్యాంపెయిన్‌ను రెండుగా విడదీయండి. ఆపబోయే ఊళ్లకు ఒకటి, నడిచే ఊళ్లకు ఒకటి, దేని బడ్జెట్ దానికే. విడదీశాక కొన్నిరోజులు ఖర్చు ఒడిదుడుకులుగా ఉంటుంది, అది కుదుటపడనివ్వండి. పరీక్ష రోజు వచ్చినప్పుడు మొదటి క్యాంపెయిన్‌ను ఆపితే చాలు. నడిచే ఊళ్ల బడ్జెట్‌ను ముట్టుకోవద్దు.

గూగుల్ ప్రకటనలు కూడా ఉంటే లొకేషన్ అమరిక చూడండి. మామూలుగా అది `Presence or interest` మీద ఉంటుంది. అంటే ఆ ఊళ్లో లేకపోయినా ఆ ఊరి మీద ఆసక్తి చూపినవారికీ ప్రకటన వెళుతుంది. దాన్ని `Presence`కు మార్చండి. అప్పటికీ కొంత లీకేజీ తప్పదు. మొబైల్ ఇంటర్నెట్‌లో మనిషి కడపలో ఉన్నా హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నట్టు కనిపించడం మామూలే. మొదటి వారం చివర క్యాంపెయిన్ల లొకేషన్ నివేదికలో ఆపిన ఊళ్ల పేర్లు ఇంకా కనపడుతున్నాయేమో చూసుకోండి. హైదరాబాదు, బెంగళూరులకు వేరే క్యాంపెయిన్ నడుస్తుంటే పరీక్ష కాలంలో దాన్ని కదపకుండా ఉంచండి.

రాయలసీమలో ఇంకో రకం లీకేజీ ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు అక్కడ ప్రకటన చూసి హిందూపురంలోని అమ్మకు నూనె పంపిస్తాడు. కువైట్‌లో ఉన్నవాళ్లు రాయచోటిలో ఇంటికి ఆర్డరు పెడతారు. పిన్‌కోడ్ హిందూపురానిదే, కానీ ప్రకటన కనపడింది వేరే చోట. డబ్బు కట్టిన మనిషి ఫోను నంబరు, అందుకునే మనిషి నంబరు వేరైతే ఆ ఆర్డరుకు గుర్తు పెట్టుకోండి. అలాంటి ఆర్డర్లను పోలిక కాలంలోనూ పరీక్ష కాలంలోనూ, అన్ని ఊళ్లకూ ఒకేలా తీసేయండి. ఆపిన ఊళ్లలో మాత్రమే తీసేస్తే లెక్క వక్రమవుతుంది.

ఇక తగ్గింపు ధరలు, కొత్త సీసా, హోర్డింగు, స్థానిక కేబుల్ ప్రకటన ఏదైనా చేస్తే అన్ని ఊళ్లలోనూ చేయండి, లేకపోతే ఎక్కడా వద్దు. ఆపిన ఊళ్లో అమ్మకం తగ్గుతోందని ఆ ఊరి పాత ఖాతాదారులకు వాట్సాప్ సందేశాలు పంపాలనిపిస్తుంది. పంపవద్దు.

ఐదు వారాలు ఆపండి, నాలుగు వారాలే లెక్కించండి

ఆదివారం ప్రకటన చూసినవాడు గురువారం కొనవచ్చు. అందుకే ఆపిన మొదటి వారంలో పాత ప్రకటనల ప్రభావం ఇంకా మిగిలి ఉంటుంది. ఆ వారాన్ని లెక్కలోంచి తీసేయండి. రెండో వారం నుంచి ఐదో వారం వరకు అసలు పరీక్ష. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు లెక్కించాలో, ఏ అంకె వస్తే ఏమి చేయాలో పరీక్షకు ముందే కాగితం మీద రాసి తేదీ వేసుకోండి. మధ్యలో అమ్మకం పడిపోయిందని భయపడి ఆపేసినా, మంచి అంకె వచ్చిన రోజు చూసి ముగించినా, అది కొలత అనిపించుకోదు.

లెక్క

ప్రతి జతలో అడగాల్సింది ఒకటే. ప్రకటన నడిచిన ఊరు ఎంత పెరిగిందో ఆపిన ఊరు కూడా అంతే పెరిగి ఉంటే ఎన్ని ఆర్డర్లు వచ్చేవి? అందులోంచి నిజంగా వచ్చినవి తీసేస్తే మిగిలేది ప్రకటన తెచ్చే అదనం. పోలిక కాలం ఎనిమిది వారాలు కాబట్టి దాన్ని సగం చేసి నాలుగు వారాలకు సమానం చేయాలి.

కడప జత తీసుకుందాం. పోలిక కాలంలో నాలుగు వారాలకు కర్నూలులో 336, కడపలో 312 ఆర్డర్లు. పరీక్ష కాలంలో ప్రకటన నడిచిన కర్నూలు 362కు పెరిగింది. అదే నిష్పత్తిలో కడప 336కు చేరాలి. నిజంగా వచ్చినవి 289. అంటే 47 తగ్గాయి. స్ప్రెడ్‌షీట్‌లో B గడిలో ఆపిన ఊరి పోలిక అంకె, C గడిలో జత ఊరి పోలిక అంకె, D గడిలో జత ఊరి పరీక్ష అంకె, E గడిలో ఆపిన ఊరి పరీక్ష అంకె వేసుకుంటే లోటు ఇలా వస్తుంది:

```
=B2*D2/C2-E2
```

ఆరు జతలకూ ఇదే కడితే:

| ఆపిన ఊరు | రావలసినవి | వచ్చినవి | లోటు |
|---|---|---|---|
| కడప | 336 | 289 | 47 |
| నంద్యాల | 225 | 200 | 25 |
| హిందూపురం | 178 | 151 | 27 |
| గుంతకల్లు | 132 | 122 | 10 |
| రాయచోటి | 102 | 94 | 8 |
| ఎమ్మిగనూరు | 78 | 74 | 4 |

రావలసినవి దాదాపు 1,052, వచ్చినవి 930, లోటు 122. చిల్లర అంకెలను సర్దడంతో పట్టికలో ఒకటి రెండు అటూ ఇటూ కనపడవచ్చు. ఆపిన ఊళ్ల అమ్మకాల్లో ప్రకటన తెచ్చే అదనం సుమారు 11.6 శాతం. డ్యాష్‌బోర్డు తనవని చెప్పిన 410 ఆర్డర్లలో నిజంగా అదనమైనవి 122. మిగతావి ప్రకటన లేకపోయినా వచ్చేవే.

ఈ లోటు కేవలం కాకతాళీయమా? రెండు విధాలుగా చూడండి. ఉత్తుత్తి పరీక్షల్లో అతిపెద్ద ఊగిసలాట 5 శాతం, ఇక్కడ వచ్చింది దానికి రెట్టింపు పైన. రెండోది, ఆరు జతల్లోనూ లోటు ఆపిన ఊరి వైపే వచ్చింది. ప్రకటనకు ఏ ప్రభావమూ లేకపోతే ఒక్కో జతలో లోటు ఎటువైపైనా పడవచ్చు. అది నాణెం పడ్డట్టే. ఆరు నాణేలూ ఒకే వైపు, అదీ మనం అనుకున్న వైపే పడే అవకాశం అరవై నాలుగులో ఒకటి. నాలుగు జతల్లో లోటు, రెండింట్లో పెరుగుదల వచ్చి ఉంటే ఇంత ధైర్యంగా చెప్పలేం.

హిందూపురంలో లోటు 15 శాతం, అన్నింటికంటే ఎక్కువ. దానికి జత ఆదోని. ఒకటి బెంగళూరుకు దగ్గర, ఇంకొకటి పత్తి ఊరు. ఈ జత మీద నాకు మొదటినుంచీ అంత నమ్మకం లేదు. అందుకే దాన్ని తీసేసి మిగిలిన ఐదు జతలతో మళ్లీ కట్టి చూడాలి. సుమారు 11 శాతం వస్తుంది. ఒక్క జతను తీసేస్తే జవాబు మారిపోయేటట్టుంటే, ఆ జవాబు ప్రకటనది కాదు, ఆ జతది.

రూపాయల్లోకి మార్చండి

ఆపిన ఊళ్లలో ఆ నాలుగు వారాలకు ఖర్చయ్యేది 48,000. దాన్ని 122తో భాగిస్తే ఒక్కో అదనపు ఆర్డరుకు 393 రూపాయలు. డ్యాష్‌బోర్డు చెప్పింది 117. మిగులు 280. ఊగిసలాటను కూడా కలుపుకోండి. 1,052లో 5 శాతం అంటే 53. అదనపు ఆర్డర్లు 69 నుంచి 175 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, ఖర్చు ఆర్డరుకు 696 నుంచి 274 మధ్య. అన్నీ కలిసొస్తే పెట్టిన డబ్బు అంతంతమాత్రంగా తిరిగి వస్తుంది, మిగతా సందర్భాల్లో నష్టమే.

ఇక్కడే ప్రకటనలు ఆపేయాలని తీర్మానించవద్దు. నూనె ఒకసారి కొని వదిలేసే సరుకు కాదు. ఇదే లెక్కను మొదటిసారి కొన్న ఖాతాదారులకు మాత్రమే వేరుగా కట్టండి. 122 లోటులో 90 మంది కొత్తవారే అనుకుందాం. మీ పుస్తకాల్లో ఒక కొత్త ఖాతాదారు తర్వాతి మూడు నెలల్లో సగటున 0.8 ఆర్డర్లు ఇస్తారనుకుందాం. 90ని 0.8తో, 280తో హెచ్చిస్తే 20,160. వెంటనే వచ్చిన 122 ఆర్డర్ల మిగులు 34,160. రెండూ కలిపి 54,320. ఇప్పుడు 48,000 ఖర్చు మీద 6,320 లాభం కనపడుతోంది.

ఈ 0.8 అన్న అంకెను జాగ్రత్తగా చూడాలి. అది మీ కొత్త ఖాతాదారులందరి సగటు. అందులో స్నేహితులు చెబితే వచ్చినవారూ ఉన్నారు, వారు మళ్లీ మళ్లీ కొంటారు. ప్రకటన చూసి మాత్రమే వచ్చినవారు అంతగా నిలవకపోవచ్చు. దీన్ని తేల్చడానికి పరీక్ష ముగిసి అన్ని ఊళ్లలో ప్రకటనలు మళ్లీ మొదలయ్యాక కూడా జతల లెక్కను మూడు నెలలు కొనసాగించండి. పరీక్ష కాలంలో కొత్తవారు తక్కువగా చేరిన ఊళ్లలో ఆ తర్వాత మళ్లీ కొనే ఆర్డర్లు కూడా తగ్గాలి. అలా తగ్గిన ఆర్డర్లను ఆ 90తో భాగిస్తే 0.8 స్థానంలో వేయాల్సిన అసలు అంకె వస్తుంది. కొన్ని ఆర్డర్లు కేవలం వాయిదా పడి ఉంటే, ప్రకటన తిరిగి మొదలైన రెండు మూడు వారాల్లో ఆపిన ఊళ్లు ఒక్కసారిగా పుంజుకుంటాయి. అలా పుంజుకున్న మేరకు 122లోంచి తగ్గించండి.

ఇంకొక పరిమితి ఉంది. పూర్తిగా ఆపి చూసినప్పుడు తెలిసేది మొత్తం ఖర్చు మీద సగటు ఫలితం. మొదటి పదివేలు తెచ్చే ఆర్డర్లకూ చివరి పదివేలు తెచ్చే ఆర్డర్లకూ తేడా ఉంటుంది, చివరివి దాదాపు ఎప్పుడూ తక్కువే. అందుకే మన దుకాణం రెండో పరీక్షలో ప్రకటన పూర్తిగా ఆపకుండా సగానికి తగ్గించాలి, ఈసారి కర్నూలు, ప్రొద్దుటూరు, ఆదోని, ధర్మవరం, తాడిపత్రి, కదిరిలలో. తగ్గించిన సగానికి లోటు ఎంత వచ్చిందో చూసి, అందులో ఒక్కో ఆర్డరు ఖర్చు 280కి పైన ఉందా కింద ఉందా అన్నదాన్ని బట్టి తర్వాతి నెల బడ్జెట్ రాసుకోవాలి. ఈ రెండో పరీక్షకు ముందు కనీసం ఎనిమిది వారాలు అన్ని ఊళ్లలో ప్రకటనలు మామూలుగా నడిచి ఉండాలి, ఎందుకంటే ఆ ఎనిమిది వారాలే దానికి పోలిక కాలం.